‘పరిశీలించబడును’ అంటే ఎవరు పరిశీలిస్తారు?

ఫ్యాక్టరీ గేటు దగ్గర అద్దాల బోర్డులో ఒక కాగితం ఉంటుంది. ఎండకు రంగు వెలిసి, అంచులు పసుపెక్కి ఉంటుంది. అందులో ఎక్కడో కింద ఒక వాక్యం: ‘కార్మికుల ఫిర్యాదులు సంబంధిత అధికారిచే పరిశీలించబడి, తగు సమయంలో తగు చర్య తీసుకొనబడును.’ చదవడానికి నిండుగా, మర్యాదగా ఉంటుంది. కానీ జీతంలో కోత పడిన మనిషి ఈ వాక్యం చదివి ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఎన్నాళ్లు ఎదురుచూడాలి? ఆయన కాదంటే తర్వాత ఎవరిని అడగాలి? ఈ మూడింటిలో ఒక్కదానికీ ఇక్కడ జవాబు లేదు.

తప్పు ఎక్కువగా ఆ ‘బడును’లోనే ఉంది. తెలుగులో మామూలుగా మాట్లాడేటప్పుడు ‘మేనేజరు చూస్తాడు’ అంటాం. చూసేవాడు ఎవరో చెప్పకుండా వాక్యం పూర్తి కాదు. ‘చూడబడును’ అనగానే చూసేవాడు మాయమవుతాడు. ఆఫీసు తెలుగుకు ఈ అలవాటు బాగా పట్టింది. ‘సంబంధిత’, ‘తగు’, ‘వీలైనంత త్వరగా’ అనే మాటలు ఆ ఖాళీని కప్పిపెడతాయి. అందుకే ఫిర్యాదుల పద్ధతిని తిరగరాసేవాళ్లు ముందు చేయాల్సిన పని, ప్రతి ‘బడును’ కింద గీత గీసి, అక్కడ ఒక హోదా పేరు పెట్టడం. ఆ హోదా ఏదో తేలకపోతే లోపం భాషలో కాదు, పద్ధతిలోనే ఉంది. ఆ నిర్ణయం ఎవరిదో సంస్థ ఇంతవరకూ తేల్చుకోలేదన్నమాట.

దీని మూలాలు పాతవి. 1946లో పారిశ్రామిక ఉద్యోగ స్థాయీ ఉత్తర్వుల చట్టం వచ్చింది. ఫ్యాక్టరీలో సెలవులు, షిఫ్టులు, క్రమశిక్షణ వంటివాటికి రాతపూర్వక నిబంధనలు ఉండాలని చెప్పిన చట్టం అది. దాని కింద కేంద్రం ఇచ్చిన నమూనా ఉత్తర్వుల్లో ఫిర్యాదుల గురించి ఉన్నది ఒక్క వాక్యమే. అన్యాయంగా చూశారనో, అక్రమంగా వసూలు చేశారనో కార్మికుడికి ఫిర్యాదు ఉంటే దాన్ని మేనేజరుకో, అందుకోసం నియమించిన మరో వ్యక్తికో ఇవ్వాలి, యజమానికి అప్పీలు చేసుకునే హక్కు ఉంటుంది అని దాని సారాంశం. ఎవరికి ఇవ్వాలో కొంతవరకు ఉంది. ఎన్ని రోజుల్లో తేల్చాలో లేదు. తేల్చకపోతే ఏమిటన్నదీ లేదు. దేశంలో ఎన్నో ఫ్యాక్టరీలు ఈ నమూనానే దించుకున్నాయి.

పన్నెండేళ్ల తర్వాత, 1958లో, నైనిటాల్‌లో జరిగిన పదహారో భారత కార్మిక మహాసభ క్రమశిక్షణ నియమావళిని ఆమోదించింది. దానితోపాటు వచ్చిన నమూనా ఫిర్యాదు పద్ధతిని ఇప్పుడు చదివినా ఆశ్చర్యం కలుగుతుంది. అంత శుభ్రంగా ఉంటుంది. కార్మికుడు ముందుగా తన విభాగంలో అందుకు నియమించిన అధికారికి స్వయంగా, నోటిమాటగా చెప్పుకోవాలి. ఆయన 48 గంటల్లో జవాబివ్వాలి. తృప్తి కలగకపోతే విభాగాధిపతి దగ్గరికి. ఆయనకు 3 రోజులు. ఆ గడువులో జవాబు ఇవ్వలేకపోతే ఆలస్యానికి కారణం రాసిపెట్టాలి. ఆ తర్వాత ఫిర్యాదుల కమిటీ. అది 7 రోజుల్లో మేనేజరుకు సిఫారసు పంపాలి, మేనేజరు నిర్ణయం మరో 3 రోజుల్లో కార్మికుడికి అందాలి. అక్కడా కాకపోతే యాజమాన్యానికి పునఃపరిశీలన అర్జీ, దానికి వారం. అప్పటికీ తేలకపోతే యూనియను, యాజమాన్యం ఇష్టపడి మధ్యవర్తి దగ్గరికి వెళ్లవచ్చు. గడువులు లెక్కపెట్టేటప్పుడు సెలవు రోజులు కలపకూడదని కూడా అందులోనే ఉంది.

ఈ పద్ధతిలో ఒక చిన్న తేడాను గమనించాలి. కమిటీ ఏకగ్రీవంగా చెబితే యాజమాన్యం అమలు చేయాలి. భిన్నాభిప్రాయం వస్తే సభ్యుల అభిప్రాయాలన్నీ మేనేజరుకు వెళ్తాయి, తుది మాట ఆయనది. అంటే కమిటీ ఎప్పుడు సిఫారసు చేస్తుందో, ఎప్పుడు దాని మాటే చెల్లుతుందో స్పష్టంగా విడదీశారు. నేటి కంపెనీ పుస్తకాల్లో చాలావాటికి ఈ స్పష్టతే లేదు. ‘కమిటీ ఫిర్యాదును పరిష్కరించును’ అని రాస్తారు. కమిటీ చెప్పింది మేనేజరు పాటించాలా, లేక ఆయనకు అదొక సలహా మాత్రమేనా అని అడిగితే హెచ్‌ఆర్ విభాగంలోనే ఇద్దరు రెండు జవాబులు చెబుతారు.

ఈ చిక్కు ఇప్పుడు మరింత ముదిరింది. నిర్ణయం ఎవరిది అన్న దానిపై చట్టమే దారి మార్చింది. 2010లో పారిశ్రామిక వివాదాల చట్టంలో 9-సి అనే సెక్షను చేరింది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న చోట ఫిర్యాదుల కమిటీ ఉండాలంది. సభ్యులు ఆరుగురికి మించకూడదు. 45 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ నిర్ణయం నచ్చకపోతే యజమానికి అప్పీలు, దానికి నెల రోజులు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 ఈ లెక్క మార్చేసింది. 20 మంది పరిమితి అలాగే ఉంది. కానీ సభ్యులు పది మంది దాకా ఉండవచ్చు, గడువు 30 రోజులకు తగ్గింది. ముఖ్యంగా, యజమానికి అప్పీలు అనే మెట్టు ఇందులో లేదు. కమిటీ నిర్ణయం నచ్చకపోయినా, 30 రోజుల్లో తేలకపోయినా, కార్మికుడు 60 రోజుల్లోగా తన యూనియను ద్వారా రాజీ అధికారి దగ్గరికి, అంటే కార్మిక శాఖ దగ్గరికి వెళ్లవచ్చు.

పాత నిబంధన పుస్తకాన్ని మార్చకుండా అలాగే ఉంచితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఇందులో 45 రోజులని ఉంటుంది, చట్టంలో 30. ‘యజమానికి అప్పీలు చేసుకొనవలెను’ అని ఉంటుంది, కార్మికుడు అది నమ్మి అప్పీలు రాసి, జవాబు కోసం కూర్చుంటాడు. ఆ కూర్చున్న రోజులన్నీ అతని 60 రోజుల్లోంచే పోతాయి. ఒక్క పాత పేరాను తీసివేయకపోవడం వల్ల అతని హక్కు గడువు దాటిపోవచ్చు.

ఇంకో మార్పు కూడా ఉంది. కొత్త కోడ్ ప్రకారం స్థాయీ ఉత్తర్వులు 300 మంది ఉన్న సంస్థలకే తప్పనిసరి. కమిటీ మాత్రం 20 మంది ఉన్నా ఉండాలి. జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో, ఆటోనగర్‌లోనో 60 మందితోనో 150 మందితోనో నడిచే యూనిట్‌కు కమిటీ ఉంటుంది. ఆ కమిటీ ముందు, వెనక మెట్లేమిటో చెప్పే ధృవీకరించిన ఉత్తర్వులు మాత్రం ఉండకపోవచ్చు. ఆ యూనిట్ తన పద్ధతిని తానే రాసుకోవాలి. తిరగరాయడం నేర్చుకోవాల్సిన అవసరం వీళ్లకే ఎక్కువ.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ప్లాస్టిక్ సీసాలు తయారుచేసే చిన్న యూనిట్‌లో ప్యాకింగ్ విభాగంలో పనిచేసే ఒక కార్మికురాలు. ఆమె మార్చి నెలలో పంచింగ్ లెక్క ప్రకారం 16 గంటల ఓటీ చేసింది. 2026 ఏప్రిల్ 7, మంగళవారం వచ్చిన పే స్లిప్‌లో 10 గంటలే ఉన్నాయి. ఆమె మామూలు గంట రేటు 75 రూపాయలు. ఓటీకి చట్టం ప్రకారం రెట్టింపు, 150. తగ్గింది 6 గంటలు, అంటే 900 రూపాయలు.

పాత పద్ధతిలో ఏమవుతుందో ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లెవరైనా చెప్పగలరు. షిఫ్ట్ ఇన్‌చార్జిని అడిగితే ‘నా చేతుల్లో ఏముందమ్మా, హెచ్‌ఆర్‌ని అడుగు’ అంటాడు. హెచ్‌ఆర్ ‘టైమ్ ఆఫీసు నుంచి లెక్క రావాలి’ అంటుంది. టైమ్ ఆఫీసు ‘ఇన్‌చార్జి సంతకం లేదు’ అంటుంది. చుట్టూ తిరిగి మళ్లీ మొదటి మనిషి దగ్గరికే. ఈలోగా మే నెల జీతం వస్తుంది, జూన్‌ది వస్తుంది. ఎవరూ ‘ఇవ్వం’ అనలేదు. ఎవరూ ఇవ్వలేదు కూడా. కాదన్న మనిషి ఒకడుంటే అతని మీద అప్పీలు చేయవచ్చు. ఇక్కడ కాదన్నవాడే లేడు.

తిరగరాసిన పద్ధతిలో ఇదే ఫిర్యాదు ఎలా నడుస్తుందో చూద్దాం. 8వ తేదీ, బుధవారం ఆమె ఇన్‌చార్జికి చీటీ ఇస్తుంది. అది రెండు ముక్కల చీటీ. కింది ముక్క మీద వరుస సంఖ్య, తేదీ వేసి, సంతకం చేసి ఇన్‌చార్జి ఆమెకే తిరిగి ఇస్తాడు. గడువు మరునాటి నుంచి మొదలు. మొదటి మెట్టుకు రెండు పని దినాలు, అంటే గురు, శుక్రవారాలు. 10వ తేదీ షిఫ్టు ముగిసేలోగా ఇన్‌చార్జి రాతపూర్వకంగా జవాబివ్వాలి. అతను రాస్తాడు: ఆ 6 గంటలు ఒక ఆదివారానివి, ఆరోజు ఓటీకి ముందస్తు అనుమతి లేదు, కాబట్టి కలపలేదు. జవాబు ఆమెకు నచ్చలేదు. అయినా ఇప్పుడు ఆమెకు ఒక కారణం తెలిసింది, ఎవరిది ఆ నిర్ణయమో తెలిసింది.

11వ తేదీ, శనివారం ఆమె అదే చీటీని ప్యాకింగ్ విభాగాధిపతికి ఇస్తుంది. ఈ మెట్టుకు మూడు పని దినాలు. 12 ఆదివారం, లెక్కలోకి రాదు. 13 మొదటి రోజు. 14 అంబేద్కర్ జయంతి, ఈ యూనిట్‌కు సెలవు, అదీ లెక్కలోకి రాదు. 15 రెండో రోజు, 16 మూడో రోజు. గడువు 16, గురువారం. విభాగాధిపతి వేరే పనిలో పడి జవాబివ్వలేదు.

పద్ధతి నిజంగా పనిచేస్తుందా లేదా అన్నది తేలేది ఇక్కడే. గడువు ఎన్ని రోజులో చాలా పుస్తకాలు రాస్తాయి. గడువు దాటితే ఏమిటో రాసేవి తక్కువ. ‘మూడు రోజుల్లో జవాబివ్వవలెను’ అని మాత్రమే ఉంటే నాలుగో రోజున ఆమె మళ్లీ విభాగాధిపతి గది ముందు నిలబడాలి. తిరగరాసిన పద్ధతిలో ఒక వాక్యం అదనంగా ఉంటుంది: ‘గడువు ముగిసేలోగా రాతపూర్వక జవాబు రాకపోతే, మరుసటి పని దినాన హెచ్‌ఆర్ గుమాస్తా ఫిర్యాదును తర్వాతి మెట్టుకు పంపి, పంపిన తేదీని కార్మికుడి చీటీ మీద రాస్తాడు.’ పంపేది ఎవరో, ఎప్పుడో రెండూ అందులో ఉన్నాయి. ఆమె అడగాల్సిన పని లేదు. అడగాల్సి వస్తే మొహమాటమో, భయమో అడ్డుపడుతుంది. విభాగాధిపతి మీద పైవాళ్లకు చెప్పిందన్న మాట వస్తుందని వెనక్కి తగ్గేవాళ్లు ప్రతి షిఫ్టులోనూ ఉంటారు.

అలా 17వ తేదీ, శుక్రవారం ఫిర్యాదు కమిటీకి చేరుతుంది. ఈ యూనిట్ తన కమిటీకి చట్టం ఇచ్చిన 30 రోజులు కాకుండా, 1958 నమూనాను అనుసరించి 7 పని దినాలు పెట్టుకుంది. 18 నుంచి లెక్కిస్తే, మధ్యలో ఆదివారం తీసేస్తే, 25, శనివారం ఆఖరి రోజు. కమిటీ పంచింగ్ రికార్డు తెప్పించి చూస్తుంది. ఆదివారం ఆమెను పనికి రమ్మన్నది ఇన్‌చార్జే, అనుమతి తీసుకోవాల్సిందీ అతనే, కార్మికురాలు కాదు అని తేలుస్తుంది. ఆ నిర్ణయం ప్రకారం 900 రూపాయలు అకౌంట్స్ అధికారి ఏప్రిల్ జీతంతో కలిపి మే 7న చెల్లిస్తాడు. ‘చెల్లించబడును’ అని ఆపేస్తే ఇక్కడ మళ్లీ పాత జబ్బు మొదలవుతుంది. నిర్ణయం తీసుకునేవాళ్లతోపాటు దాన్ని అమలు చేసే హోదా, తేదీ కూడా రాయాలి.

ఒకవేళ కమిటీ కూడా మౌనంగా ఉంటే? కంపెనీ పెట్టుకున్న 7 రోజులు దాటినా చట్టం గడువు ఇంకా ఉంటుంది. అర్జీ అందిన 17 ఏప్రిల్ నుంచి 30 రోజులు, మే 17 దాకా. చట్టంలో రోజులంటే రోజులే, సెలవులు తీసేయమని అందులో లేదు. అక్కడి నుంచి 60 రోజులు, జూలై 16. ఈ రెండు తేదీలను కమిటీకి చేరిన రోజే గుమాస్తా ఆమె చీటీ మీద వేసి ఇవ్వడం మంచిది. పని దినాల లెక్క ఒకటి, మామూలు రోజుల లెక్క మరొకటి ఉన్నప్పుడు, కూడికలు కార్మికురాలి మీద వదిలేయకూడదు.

కమిటీలో ఓట్ల లెక్కనూ విడిగా రాయాలి. యాజమాన్యం తరఫున ఎంతమందో కార్మికుల తరఫునా అంతమందే ఉండాలని చట్టం. ముగ్గురు, ముగ్గురు అనుకుందాం. ఫిర్యాదును కొట్టేయాలని యాజమాన్యం వాళ్లు ముగ్గురూ అన్నారు, కార్మిక సభ్యుల్లో ఒకరు వాళ్లతో కలిశారు. ఆరుగురిలో నలుగురు, మెజారిటీ వచ్చేసిందని ఎవరైనా అనుకుంటారు. కానీ కొత్త కోడ్ ఒక షరతు పెట్టింది. కార్మిక ప్రతినిధుల్లో సగానికి మించి ఒప్పుకుంటేనే అది నిర్ణయం, లేకపోతే ఏ నిర్ణయమూ జరగనట్టే. ముగ్గురిలో ఒక్కరే ఒప్పుకున్నారు కాబట్టి ఇక్కడ నిర్ణయం లేదు. ఈ సంగతి పుస్తకంలో రాయకపోతే కార్యదర్శి మినిట్స్‌లో ‘తిరస్కరించడమైనది’ అని రాసేస్తాడు, ఎవరూ అడగరు.

పద్ధతిని తిరగరాసేటప్పుడు కంపెనీలు ఎక్కువగా చేసే మరో పొరపాటు అన్ని ఫిర్యాదులనూ ఒకే నిచ్చెన ఎక్కించడం. ఇన్‌చార్జి దురుసుతనం గురించి ఫిర్యాదు అయితే మొదటి మెట్టులో ఆ ఇన్‌చార్జే ఎలా కూర్చుంటాడు? ‘ఫిర్యాదు ఎవరి మీదనో వారు ఏ మెట్టులోనూ నిర్ణయించరు, అది నేరుగా తర్వాతి మెట్టుకు వెళ్తుంది’ అని ఒక వాక్యం ఉండాలి. లైంగిక వేధింపుల ఫిర్యాదుకైతే ఈ నిచ్చెనతో సంబంధమే లేదు. 2013 చట్టం కింద అంతర్గత కమిటీ వేరుగా ఉంటుంది, దాని గడువులు వేరు. ఆ ఫిర్యాదు పొరపాటున కూడా ఇన్‌చార్జి చేతిలో పడకుండా, ఎక్కడ ఇవ్వాలో అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఉద్యోగం నుంచి తీసేసినప్పటి సంగతినీ 1958 నమూనా ముందే విడదీసింది. తీసేసినవాడిని ఇన్‌చార్జి నుంచి మొదలుపెట్టమనడం అర్థం లేని పని కాబట్టి, తీసేసిన అధికారికో, యాజమాన్యం నియమించిన పై అధికారికో వారంలోగా అప్పీలు చేసుకోమంది.

కంపెనీ సొంతంగా పెట్టుకున్న మొదటి రెండు మెట్ల గురించి ఒక జాగ్రత్త అవసరం. వివాదం పుట్టిన రోజు నుంచి ఏడాదిలోగా కార్మికుడు కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చని కోడ్ చెబుతోంది. ముందు ఇన్‌చార్జి, తర్వాత విభాగాధిపతి దాటితేనే అర్జీ తీసుకుంటామని అందులో లేదు. కాబట్టి ఆ మెట్లు చిన్న సంగతులు త్వరగా తేలడానికి సాయపడాలే కానీ, కమిటీ తలుపుకు తాళం కాకూడదు. ‘కోరుకుంటే నేరుగా కమిటీకి కూడా ఇవ్వవచ్చు’ అని రాసిపెడితే సరిపోతుంది.

అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న కాంట్రాక్టు కార్మికులది. ప్యాకింగ్‌లో, లోడింగ్‌లో పక్కపక్కనే నిలబడి పనిచేసే ఇద్దరిలో ఒకరు కంపెనీ మనిషి, ఇంకొకరు కాంట్రాక్టరు మనిషి కావచ్చు. రెండోవాడికి జీతం తగ్గితే ఇన్‌చార్జి కాంట్రాక్టరు వైపు చూపిస్తాడు, కాంట్రాక్టరు కంపెనీ బిల్లు రాలేదంటాడు. కాంట్రాక్టరు జీతం ఇవ్వకపోతే ప్రధాన యజమానే చెల్లించి, ఆ మొత్తాన్ని కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవాలన్న సూత్రం 1970 కాంట్రాక్టు కార్మిక చట్టం నాటి నుంచీ ఉంది. కంపెనీ కాగితంలో దానికి ఒక హోదా, ఒక తేదీ ఉండదు. ‘కాంట్రాక్టరు మూడు పని దినాల్లో చెల్లించకపోతే, నాలుగో రోజున హెచ్‌ఆర్ మేనేజరు లెక్క చూసి చెల్లింపుకు ఆదేశిస్తాడు’ అని ఒక్క వాక్యం రాయడానికి సంస్థలు వెనకాడతాయి. ఆ వెనకాడటం అర్థం చేసుకోదగినదే, అక్కడ డబ్బు ముడిపడి ఉంది. కానీ పద్ధతి స్పష్టంగా లేక ఎక్కువ నష్టపోయేది ఆ మనిషే.

ఇంత రాసినా, కాగితం గోడ మీద చదవగలిగే భాషలో లేకపోతే లాభం లేదు. 1946 చట్టం స్థాయీ ఉత్తర్వులను ఇంగ్లిష్‌లోనూ, ఎక్కువ మంది కార్మికులకు తెలిసిన భాషలోనూ గేటు దగ్గర, విభాగాల్లో బోర్డుల మీద పెట్టమంది. ఈరోజు హైదరాబాద్ చుట్టుపక్కల షెడ్లలో ఒడియా, హిందీ మాట్లాడేవాళ్లు ఎందరో ఉన్నారు. తెలుగు కాగితం పక్కన ఆ భాషల్లోనూ ఒక్కో కాగితం ఉండాలి.

తిరగరాసిన పద్ధతిని పరీక్షించడానికి మార్గం ఒకటే. దాన్ని రాసిన కమిటీకి కాకుండా, రెండో షిఫ్టులో పనిలో చేరి నెల కూడా కాని ఒక కార్మికుడికి ఆ కాగితం ఇవ్వాలి. ‘నీ ఇన్‌చార్జి శుక్రవారం దాకా జవాబివ్వలేదు. ఇప్పుడు నీ ఫిర్యాదు ఎవరి దగ్గర ఉంది? ఎప్పటిలోగా జవాబు రావాలి?’ అని అడగాలి. అతను ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించలేకపోతే, మార్చాల్సింది ఆ వాక్యాన్ని. ఆరు నెలలు నడిచాక ఫిర్యాదుల రిజిస్టరు తీసి, తర్వాతి మెట్టుకు ఫిర్యాదు వెళ్లిన ప్రతిసారీ అది జవాబు నచ్చక వెళ్లిందా, జవాబే రాక వెళ్లిందా అన్నది చూడాలి. అందుకు రిజిస్టరులో ఒక గడి మొదటి రోజు నుంచే గీసి ఉంచాలి. ప్యాకింగ్ విభాగం వరుసలో ‘జవాబు రాలేదు’ అని అయిదారు సార్లు కనిపిస్తే, ఫ్యాక్టరీ మేనేజరు మాట్లాడాల్సింది ఆ విభాగాధిపతితో.